పండక్కి ఊరొచ్చే గల్ఫ్ వాళ్ల కోసం ట్రావెల్ యాప్ యాడ్: 30 సెకన్ల వాయిస్ ఓవర్ స్క్రిప్ట్ మొదట్నుంచి రికార్డింగ్ దాకా

ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి, ఇటు బరంపురం వైపు నుంచి యాడ్ పనులు చేసే కుర్రాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇదే. ట్రావెల్ యాప్ వాళ్లు తెలుగులో వాయిస్ ఓవర్ కావాలంటున్నారు, గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు పండక్కి టికెట్ బుక్ చేసుకునేలా ఉండాలంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి అని. అన్ని రకాల యాడ్ల గురించి ఇక్కడ చెప్పట్లేదు. ఒక్క 30 సెకన్ల స్క్రిప్ట్ తీసుకుని, సౌదీలో వెల్డర్‌గా చేస్తూ సంక్రాంతికి కవిటి రావాలనుకునే మనిషిని దృష్టిలో పెట్టుకుని, మొత్తం రాసి చూపిస్తా.

1. రాయడానికి ముందు: ఆ మనిషి టికెట్ ఎలా కొంటాడో తెలుసుకోండి

చాలామంది నేరుగా "అమ్మ, ముగ్గు, గాలిపటం" అని మొదలెట్టేస్తారు. ఊరు గుర్తొస్తే టికెట్ కొనేస్తాడని వాళ్ల లెక్క, కానీ గల్ఫ్ వాడికి ఊరు గుర్తుచేయక్కర్లేదు, రోజూ గుర్తే ఉంటుంది. వాడిని ఆపేది వేరే.

సౌదీలో కంపెనీ ఉద్యోగి సంగతి చూడండి. ముందు సెలవు మంజూరు కావాలి. తర్వాత ఎగ్జిట్ రీ ఎంట్రీ వీసా పడాలి, అది లేకుండా సెలవు మీద దేశం దాటలేడు. ఆ రెండూ అయ్యాకే ధైర్యంగా టికెట్ తీసుకుంటాడు. ఈలోగా పండగ దగ్గర పడుతుంది, రేటు పెరిగిపోతుంది. ముందే కొనేస్తే సూపర్‌వైజర్ సెలవు తేదీ జరిపితే ఏం చెయ్యాలి? వాడి భయం ఇక్కడుంది. కాబట్టి "ఇప్పుడే బుక్ చేసెయ్" అని మీరు ఎంత గట్టిగా అరిచినా వాడు చెయ్యడు, చెయ్యలేడు కూడా.

రెండో సంగతి మన ప్రాంతానిదే. ఇచ్ఛాపురం వాళ్లకి భువనేశ్వర్ ఎయిర్‌పోర్ట్ వైజాగ్ కంటే దగ్గర. శ్రీకాకుళం టౌన్ వాళ్లకి వైజాగే దగ్గర. మధ్యలో సోంపేట, కవిటి, కంచిలి వాళ్లు రెండూ చూసుకుంటారు, ఏది చవకైతే అటు దిగి రైలెక్కుతారు, భువనేశ్వర్ నుంచి బరంపురం మీదుగా కిందికి గానీ వైజాగ్ నుంచి పలాస మీదుగా పైకి గానీ, లైను ఒకటే. హైదరాబాద్‌లో కూర్చుని రాసినోళ్లకి ఈ సంగతి తట్టదు, వాళ్ల స్క్రిప్ట్‌లో తెలుగువాడంటే శంషాబాద్‌లో దిగేవాడే.

ఊళ్లోనే సెలవు మీద వచ్చినవాళ్లు దొరుకుతారు, కనీసం ఇద్దరు ముగ్గురితో కూర్చోండి. "పండగంటే మీకేం గుర్తొస్తుంది" అని అడక్కండి, సినిమా డైలాగులు చెప్తారు. ఇవి అడగండి:

- పోయినసారి టికెట్ ఎవరు బుక్ చేశారు, మీరా, కంపెనీనా, రూమ్మేటా?
- సెలవు ఓకే అయిన రోజుకీ విమానం ఎక్కిన రోజుకీ మధ్య ఎంత గ్యాప్ ఉంది?
- తేదీ మార్చాల్సి వచ్చిందా, ఎంత పోయింది?
- ఎక్కడ దిగారు, అక్కడ్నుంచి ఇంటికి ఎలా వచ్చారు?
- లగేజీ ఎన్ని కిలోలు ఇచ్చారు, సరిపోయిందా?

వాళ్లు వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. "లీవ్ అప్రూవల్ పెండింగ్" అని ఎవరూ అనరు, "సెలవు ఇంకా ఓకే అవలేదు" అంటారు.

2. యాప్ వాళ్ల దగ్గర ఒక్కటే మాట తీసుకోండి

క్లయింట్ పంపే బ్రీఫ్‌లో సాధారణంగా అన్నీ ఉంటాయి, తక్కువ రేట్లు, హోటళ్లు, వాలెట్, కూపన్, ఇంకేవో పాయింట్లు. 30 సెకన్లలో ఒక భయాన్ని తీసే ఒక్క పనే చెప్పగలం. మన వెల్డర్ కేసులో అది తేదీ మార్చుకునే వీలున్న టికెట్లు విడిగా చూపించడం. రెండోది, కొంచెం చిన్నగా, రెండు ఎయిర్‌పోర్టుల రేట్లు పక్కపక్కనే చూపించడం.

ఈ రెండూ యాప్‌లో నిజంగా ఉన్నాయో లేదో మీరే ఫోన్లో ఓపెన్ చేసి చూడండి. మార్కెటింగ్ వాళ్లు "వచ్చే నెల వస్తుంది" అంటే వచ్చే నెలే రాద్దాం అనండి. దమ్మామ్ నుంచి భువనేశ్వర్‌కి, దమ్మామ్ నుంచి వైజాగ్‌కి జనవరి రెండో వారం తేదీలు వేసి వెతకండి. ఏ స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో స్క్రీన్‌షాట్లు తీసుకోండి, తర్వాత వీడియో ఎడిటర్‌కి కూడా అవే కావాలి.

డైరెక్ట్ విమానాలు ఉన్నాయని మాత్రం వాయిస్‌లో చెప్పకండి. మన వైపు ఎయిర్‌పోర్టుల నుంచి గల్ఫ్ సర్వీసులు వస్తుంటాయి, ఆగుతుంటాయి. భోగాపురం ఎయిర్‌పోర్ట్ సంగతి కూడా యాడ్ వెళ్లే నాటికి ఎలా ఉందో చూసుకుని స్క్రీన్ మీద పెట్టుకోవచ్చు. స్క్రీన్ మీద అక్షరం మార్చడం సులువు, గొంతు మార్చాలంటే మళ్లీ స్టూడియోనే.

3. లెక్క పదాల్లో కాదు, అక్షరాల్లో

ఇంగ్లీష్ యాడ్ వాళ్లు 30 సెకన్లకి 75 పదాలు అంటారు. అదే లెక్క తెలుగుకి పెడితే ఆర్టిస్ట్‌కి ఊపిరాడదు, ఎందుకంటే మన పదాలు పొడుగు. "దొరుకుతుందో" ఒక్క పదమే, నోటికి ఐదు అక్షరాలు.

నేను వాడే లెక్క ఇది. మామూలుగా మాట్లాడే వేగంలో సెకనుకి సుమారు 5 నుంచి 6 అక్షరాలు, పొల్లు అక్షరాన్ని లెక్కపెట్టను, అంటే "టికెట్" రెండే. 30 సెకన్లలో చివర లోగోకి 2 సెకన్లు, మధ్యలో ఆగడాలకి ఇంకో 4 తీసేస్తే మాటలకి 24 సెకన్లు మిగులుతాయి. అంటే దాదాపు 130 అక్షరాలు, పదాల్లో 40 నుంచి 45.

క్లయింట్ "ఇంకో లైన్ పెట్టండి" అన్నప్పుడు ఈ లెక్క చూపించండి, ఏ లైన్ తీసేద్దామో వాళ్లనే అడగండి. వాదన అక్కడితో ఆగుతుంది, చాలాసార్లు.

4. మొదటి 5 సెకన్లు

యూట్యూబ్‌లో స్కిప్ చేయగలిగే యాడ్‌కి 5 సెకన్ల తర్వాత స్కిప్ బటన్ వస్తుంది. ఆలోపు "ఇది నా సంగతే" అని వాడికి అనిపించాలి. సన్నాయి మ్యూజిక్, డ్రోన్ షాట్ మీద ఆ 5 సెకన్లూ ఖర్చుపెట్టేస్తే యాప్ ఏం చేస్తుందో వాడికి తెలిసే అవకాశమే లేదు.

అందుకే ఇద్దరి ఫోన్ మాటతో మొదలెడదాం, అమ్మ అడుగుతుంది, కొడుకు చెప్పలేకపోతాడు. వాడి సమస్య మొత్తం ఆ రెండు లైన్లలో వచ్చేస్తుంది, నెరేటర్ వివరించాల్సిన పని లేదు.

5. క్లయింట్ డ్రాఫ్ట్, దాన్ని ఎక్కడెక్కడ విరగ్గొట్టాలి

సాధారణంగా మనకి వచ్చే డ్రాఫ్ట్ ఇలా ఉంటుంది:

"ఈ సంక్రాంతికి మీ ప్రియమైన వారితో మధుర క్షణాలను పంచుకోండి! అతి తక్కువ ధరలకే విమాన టికెట్లు! త్వరపడండి, కొన్ని సీట్లు మాత్రమే మిగిలి ఉన్నాయి! ఈ ఆదివారమే బుక్ చేసుకోండి!"

వరసగా చూద్దాం. "మధుర క్షణాలు" ఎవరూ మాట్లాడని మాట, చెవిలో పడగానే యాడ్ అని తెలిసిపోతుంది. "అతి తక్కువ" అంటే దేనికంటే తక్కువ, రుజువు చూపగలరా? "కొన్ని సీట్లు మాత్రమే" అన్నది ఇంకా ప్రమాదం, నిజంగా సీట్లు తక్కువ లేకుండా అలా తొందరపెట్టడాన్ని, కొనేవాళ్లని మభ్యపెట్టే పద్ధతుల మీద 2023లో వచ్చిన డార్క్ పాటర్న్స్ మార్గదర్శకాల్లో తప్పుడు తొందర కింద చేర్చారు. మొదట ఒక రేటు చూపించి చివర్లో ఛార్జీలు కలపడం కూడా ఆ జాబితాలోనే ఉంది, కాబట్టి రేటు అంకె వాయిస్‌లో అసలు వద్దు. పైగా వాడి జేబులో రియాల్ ఉంటుంది, మనం రూపాయల్లో చెప్తాం, మధ్యలో మారకం రేటు.

ఇక "ఆదివారం". సౌదీలో వారాంతం శుక్ర, శనివారాలు, ఆదివారం వాడు పనిలో ఉంటాడు. ఇంత చిన్న మాటతోనే "వీళ్లకి మన బతుకు తెలీదు" అని వాడికి అర్థమైపోతుంది.

6. తిరగరాసిన స్క్రిప్ట్, టైమింగ్‌తో

- 0 నుంచి 3 సె. అమ్మ, ఫోన్లో: "ఒరే నాన్నా, పెద్ద పండక్కి వత్తన్నావా నేదా?" (15 అక్షరాలు)
- 3 నుంచి 5.5 సె. కొడుకు, వెనక వర్క్‌షాప్ శబ్దం: "సెలవు ఇంకా ఓకే అవలేదమ్మా." (12)
- 1 సెకను నిశ్శబ్దం. మ్యూజిక్ కూడా వద్దు.
- 6.5 నుంచి 11.5 సె. నెరేటర్: "సెలవు ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. అప్పటిదాకా టికెట్ రేటు ఆగదు." (26)
- 12 నుంచి 17.5 సె. నెరేటర్: "అందుకే, డేట్ మార్చుకునే టికెట్లు విడిగా చూపిస్తాం. మార్పు ఫీజు ఎంతో ముందే కనిపిస్తుంది." (30)
- 18 నుంచి 22 సె. నెరేటర్: "భువనేశ్వర్ దిగాలా, వైజాగ్ దిగాలా? రెండూ ఒకేచోట చూసుకోండి." (22)
- 22.5 నుంచి 25 సె. నెరేటర్: యాప్ పేరు, "పండక్కి అలర్ట్ పెట్టుకోండి." (పేరు మూడక్షరాలు అనుకుంటే 12)
- 25.5 నుంచి 28 సె. అమ్మ: "అయితే అరిసెల పాకం పట్టీమంటావా?" (14)
- 28 నుంచి 30 సె. లోగో, సంగీతం.

మొత్తం 131 అక్షరాలు. "బుక్ చేసుకోండి" అని ఎక్కడా లేదు చూడండి. సెలవు ఓకే అవని వాడు ఇవాళ చేయగలిగింది రేటు మారితే చెప్పే అలర్ట్ పెట్టుకోవడమే, అదే అడిగాం. క్లయింట్ బుకింగ్ కావాలని పట్టుబడతారు, అలర్ట్ పెట్టుకున్నవాడి ఫోన్‌కి తర్వాత ఎలాగూ మీరే నోటిఫికేషన్ పంపుతారు కదా అని చెప్పండి.

"మార్పు ఫీజు" లైన్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. అక్కడ ముందుగా చేతికి వచ్చే వాక్యం "మార్చడానికి ఎంతవుతుందో ముందే కనిపిస్తుంది" అని. వినడానికి అదే బాగుంటుంది కూడా, కానీ అది నిజం కాదు. తేదీ మార్చినప్పుడు రెండు ఖర్చులుంటాయి, ఒకటి మార్పు ఫీజు, ఇంకోటి పాత టికెట్ రేటుకీ కొత్త తేదీ రేటుకీ తేడా. ఫీజు ముందే చెప్పొచ్చు. తేడా మాత్రం మార్చే రోజు దాకా ఎవరికీ తెలీదు, పండగ ముందు వారంలో ఆ తేడానే ఫీజు కంటే ఎక్కువ అవ్వొచ్చు. అందుకే "మార్పు ఫీజు" అని ఖచ్చితంగా రాశాం, ఆ లైన్ వినిపిస్తున్నంతసేపూ స్క్రీన్ మీద "టికెట్ రేటు తేడా ఉంటే అదనం" అని తెలుగులో ఉండాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇదే ఉంది, డిస్‌క్లెయిమర్ చెప్పిన మాట ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే ఉండాలి, వాయిస్‌లో చెప్పిన మాటైతే ఆ వాయిస్‌తో పాటే కనపడాలి. చివరి ఫ్రేమ్‌లో చీమల బారులాంటి ఇంగ్లీష్ లైన్ పెట్టి చేతులు దులుపుకోవడం కుదరదు.

7. యాస ఎంత ఉండాలి

అమ్మ లైన్లలో "వత్తన్నావా", "నేదా", "పట్టీమంటావా" మన శ్రీకాకుళం మాట. నెరేటర్‌ది మామూలు తెలుగు. ఈ తేడా కావాలనే పెట్టింది. నెరేటర్ కూడా యాసలో మాట్లాడితే కామెడీ అయిపోతుంది, మన యాసని సినిమాల్లో నవ్వించడానికి వాడీ వాడీ జనానికి అలా అలవాటైపోయింది, మనవాళ్లకి అక్కడే మండుతుంది.

అమ్మ గొంతుకి యాస నేర్చుకున్న ఆర్టిస్ట్ వద్దు. ఈ వైపు పుట్టి పెరిగిన యాభై దాటిన ఆవిడ ఎవరైనా సరే, నటన రాకపోయినా పర్లేదు. ఆవిడకి కాగితం ఇవ్వకండి, చదవడం మొదలుపెడితే "వస్తున్నావా" అనేస్తారు. "మీ అబ్బాయి ఫోన్ చేశాడు, పండక్కి వస్తాడో రాడో అడగండి" అని చెప్పి రికార్డ్ ఆన్ చేయండి. ఆవిడ మీ లైన్ కంటే మంచి లైన్ అంటే అక్షరాలు లెక్కేసి అదే ఉంచేయండి.

బరంపురం తెలుగు కుటుంబాలకి ఇదే యాడ్ వెళ్తుంటే అమ్మ లైన్లు అక్కడి మనిషితో వేరుగా తీసుకోండి, వాళ్ల మాట తీరు వేరు. పండగ పేరు కూడా మారొచ్చు. అక్కడ రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్రకి బయట ఊళ్లలో ఉన్నవాళ్లు వస్తారు. మన ఉద్దానం వైపు ఊరి అమ్మవారి సంబరాలు ఉన్నాయి, తేదీ ఊరే పెట్టుకుంటుంది, ఏ క్యాలెండర్ యాప్‌లోనూ ఉండదు. అలాంటి వెర్షన్‌కి "పెద్ద పండక్కి" బదులు "అమ్మోరి సంబరాలకి" అంటే చాలు. అక్షరాలు కాస్త పెరుగుతాయి, మొదటి లైన్లో "నేదా" తీసేస్తే దాదాపు సరిపోతుంది.

8. రికార్డింగ్

స్టూడియో ఉంటే గొడవే లేదు. ఇంట్లో అయితే చిన్న గది, ఫ్యాన్ ఆపి, గోడలకి బొంతలు వేలాడదీసి, మైక్ నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కకి తిప్పి పెట్టండి, అప్పుడు "ప", "భ" అన్నప్పుడు గాలి నేరుగా కొట్టదు. రైల్వే లైను దగ్గర ఇల్లైతే గూడ్స్ బండి పోయేదాకా ఆగడం తప్ప వేరే మార్గం లేదు, ఎడిటింగ్‌లో ఆ హారన్ పోదు.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైల్. అమ్మ గొంతుకి ఫోన్ ఎఫెక్ట్ తర్వాత కలపాలి, రికార్డింగ్ మాత్రం శుభ్రంగానే ఉండాలి. ఎఫెక్ట్ ఎక్కువైతే "వత్తన్నావా" అర్థం కాదు, అందుకని పూర్తయ్యాక హెడ్‌ఫోన్‌లో కాకుండా మామూలు ఫోన్ స్పీకర్‌లో, పక్కన టీవీ పెట్టుకుని వినండి. లేబర్ క్యాంప్ గదిలో వాడు వినేది దాదాపు అలాగే.

తప్పులు ఎలా తెలుస్తాయంటే:

- ఆర్టిస్ట్ ఒకే చోట మూడుసార్లు తడబడితే తప్పు లైన్‌ది, ఆర్టిస్ట్‌ది కాదు. పదం మార్చండి.
- 30 సెకన్లు దాటితే ఎడిటర్‌ని స్పీడ్ పెంచమనకండి, "మార్పు ఫీజు" లైన్లో "అందుకే" తీయండి, చాలకపోతే దాని ముందు లైన్లో "అప్పటిదాకా" తీయండి.
- నెరేటర్ గొంతులో నవ్వు ఎక్కువైతే ఆరో సెకను దగ్గర దెబ్బతింటుంది, అక్కడ సెలవు దొరకని వాడి సంగతి చెప్తున్నాం. మామూలు గొంతుతో చెప్పమనండి.
- అమ్మ చివరి లైన్ ఏడుపులా వస్తే మళ్లీ తీయండి. ఆవిడ పాకం సంగతి అడుగుతోంది, అంతే.

9. ఇచ్చే ముందు

- 15 సెకన్ల వెర్షన్: అమ్మ మొదటి లైన్, కొడుకు లైన్, "డేట్ మార్చుకునే టికెట్లు విడిగా చూపిస్తాం", యాప్ పేరు. ఫీజు మాట లేదు కాబట్టి డిస్‌క్లెయిమర్ ఏం కావాలో క్లయింట్ లీగల్ వాళ్లని మళ్లీ అడగండి, 30 సెకన్లదాన్నే కాపీ చెయ్యకండి.
- 6 సెకన్ల వెర్షన్: అమ్మ ప్రశ్న, యాప్ పేరు. ఇంకేం పట్టదు.
- సౌండ్ ఆపి చూసేవాళ్ల కోసం సబ్‌టైటిల్స్ తెలుగు లిపిలో, అమ్మ మాటలు యాసలోనే, ఎవరైనా సరిదిద్ది "వస్తున్నావా" చేసేస్తారేమో కాపలా కాయండి.
- "సంక్రాంతి", "దసరా", "దీపావళి", "సంబరాలు" అన్న పండగ లైన్లు అమ్మ గొంతులో అదే రోజు విడిగా తీసి పెట్టుకోండి. క్లయింట్ అక్టోబర్‌లో ఫోన్ చేసి దసరా వెర్షన్ రేపటికి కావాలంటారు, అప్పటికి ఆవిడ కూతురింటికి వెళ్లిపోయి ఉంటారు.
- యాప్ పేరు ఒక్కటే మూడు రకాల వేగంతో వేరే ఫైల్‌గా ఇవ్వండి, ఎడిటర్ చివర్లో అడిగేది అదే.